పది కాగితాలు, ఒక్కొక్కటిగా

మా ఆఫీసులో ఆయన్ని అందరూ ఇంకొక్కటిగారు అనేవారు. ముఖం మీద కాదు, వెనకాల. ధ్రువపత్రాలు ఇచ్చే కౌంటర్లో ముప్ఫై మూడేళ్లు కూర్చున్నారాయన. పక్క కౌంటర్లో నేను పదకొండేళ్లు కూర్చున్నాను కాబట్టి, ఆ పేరు ఎందుకొచ్చిందో నాకంటే బాగా చెప్పగలిగేవాళ్లు లేరు.

ఎవరైనా నివాస పత్రానికో వారసత్వ పత్రానికో వస్తే, ఆయన వాళ్ల కాగితాలు రెండు చేతులతో అందుకుని, కళ్లజోడు సర్దుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. చదివి, ఎంతో మర్యాదగా, "అన్నీ బాగున్నాయండీ. ఇంకొక్కటి కావాలి" అనేవారు. వాళ్లు ఆ ఒక్కటీ తెచ్చేవారు. దాన్నీ అంత శ్రద్ధగానూ చదివి, అంత మర్యాదగానూ మరొకటి అడిగేవారు. అలా ఆరేడుసార్లు తిరిగాక పత్రం చేతికొచ్చేది. ఆ పత్రంలో ఒక్క తప్పు ఉండేది కాదు. దాని కోసం ఆయన ఒక్క పైసా పుచ్చుకునేవారు కాదు. చెయ్యి చాచే గుమస్తాలు కావలసినవన్నీ మొదటి రోజే గడగడా చెప్పేసేవారు, వాళ్ల తొందర వాళ్లది. మా నిజాయితీపరుడు మాత్రం జనాన్ని కాళ్లరిగేలా తిప్పేవాడు. ఇదేం న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "సార్, అన్నీ ఒకేసారి చెప్పేస్తే వాళ్లకో నాలుగు తిరుగుళ్లు తప్పుతాయి కదా?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "నీకు తెలీదమ్మాయ్. పది కాగితాలు కావాలంటే మనిషి హడలిపోతాడు. ఇంటికెళ్లి మళ్లీ రాడు. ఒకటే కావాలంటే, ఒకటే కదా అని తెస్తాడు. మనం భయపెట్టకూడదు."

అంటే అది దయ అన్నమాట. ఆయన నిజంగానే అలా నమ్మారు. 

తర్వాత నేను ఆ ఉద్యోగం మానేసి, రెండు వీధుల అవతల చిన్న షాపు పెట్టుకున్నాను. ఒక కంప్యూటరు, ఒక స్కానరు, ఒక జిరాక్సు మిషను, ఎప్పుడూ గోడకేసి కొట్టుకునే ఒక టేబుల్ ఫ్యాను. ఫారాలు నింపుతాను, ఫోటోలు సరైన కొలతకి కత్తిరిస్తాను, వీసా ఫైళ్లు కడతాను. ఆయన రిటైరయ్యాక రోజూ పదకొండింటికి వచ్చి, జిరాక్సు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, నా దగ్గరికొచ్చినవాళ్ల కాగితాలు మెడ చాచి చదివేవారు. చేసిన పని చెయ్యి మానుతుందా చెప్పండి.

ఒకరోజు ఆయన పదకొండుకి కాదు, తొమ్మిదింటికే, నేను షట్టరు పైకెత్తుతుండగానే వచ్చారు. విదేశంలో ఉన్న వాళ్లమ్మాయి ముందురోజు ఫోన్ చేసిందట. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది, ఎడమకాలు మొద్దుబారిపోతోంది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. వచ్చే నెల కాదు, ఆ పై నెల పద్దెనిమిదిన. ఆపరేషన్ తర్వాత ఆరువారాలు వంగకూడదు, బరువెత్తకూడదు. ఇంట్లో ఏడాదిన్నర పిల్లాడు. వాడు ఎత్తుకోమని కాళ్లకి చుట్టుకుంటాడు.

"మీ అక్క వెళ్లి తీరాలంటోంది. నేనూ వెళ్లాలి. విజిటర్ వీసాకి ఏమేం కావాలో చూడమ్మాయ్" అన్నారు. అక్కంటే ఆయన భార్య, నేనలాగే పిలుస్తాను.

నేను చూడక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు. ఇక్కడ వీళ్లిద్దరూ పెట్టుకోవలసినవి, పాస్‌పోర్టులు, ఫోటోలు, పెన్షన్ కాగితాలు, ప్రయాణ బీమా లాంటివి, వేరు. అక్కడ పిలిచేవాళ్లు పంపవలసినవి వేరు. ఆ రెండోరకం పది ఉన్నాయి. కాగితం మీద అచ్చుకొట్టి చేతిలో పెట్టాను. "సార్, దీన్ని ఫోన్లో ఫోటో తీసి పంపేయండి. వాళ్లు రెండుమూడు రోజుల్లో పంపేస్తారు. వీసాకి మూడు వారాలు వేసుకోండి. బోలెడు టైముంది."

ఆయన దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నారు.

అది ఆ జేబులోనే ఉండిపోతుందని నేనేం కలగన్నానా?

ఆయన ఆ కాగితం పంపలేదు. స్టూలు మీద కూర్చుని, అరగంటసేపు ఆలోచించి, అల్లుడికి మెసేజ్ రాశారు. నాకు చదివి వినిపించారు కూడా, వాక్యం బాగుందో లేదో చెప్పమని. "అల్లుడుగారికి ఆశీస్సులు. మీరంతా కుశలమని తలుస్తాను. మీకు శ్రమ కలిగిస్తున్నందుకు మన్నించాలి. తీరిక ఉన్నప్పుడు ఒక ఆహ్వాన లేఖ పంపగలరు. తొందరేమీ లేదు."

"తొందరేమీ లేదేంటి సార్?" అన్నాను.

"ఉందని రాస్తే ఆజ్ఞ వేసినట్టుంటుందమ్మాయ్."

"మిగతా తొమ్మిదో?"

"ముందు ఇది రానీ. అల్లుడి దగ్గర చిట్టా విప్పితే ఏం బాగుంటుంది? అప్పులవాళ్లం వచ్చినట్టు."

ఆహ్వాన లేఖ ఆరు రోజులకి వచ్చింది. దాన్ని చదివి, బాగుందని రాసి, ఇంకొక్కటి అడిగారు. పాస్‌పోర్టు నకలు వారానికి వచ్చింది. ఆ తర్వాత అక్కడ ఉండే అనుమతి కార్డు. ఆ తర్వాత ఇంటి అద్దె ఒప్పందం. ఒక్కోటి రాగానే ఆయన నా దగ్గరికొచ్చి అచ్చు తీయించుకుని, అట్టపెట్టెలో దాచుకుని, రెండు రోజులు ఆగి తర్వాతది అడిగేవారు. రెండు రోజులెందుకంటే, వెంటనే అడిగితే ఆబగా ఉంటుందట.

అయిదోది ఉద్యోగం చేసే చోటు నుంచి ఉత్తరం. అక్కడ బండి ఆగింది.

"తప్పకుండా మామయ్యగారూ, ఈ వారంలో పంపుతాను" అని అల్లుడు రాశాడు. ఆ వారం వెళ్లిపోయింది. పై వారం, సంతకం పెట్టాల్సిన మేనేజరు సెలవులో ఉన్నారన్నాడు. ఆ పై వారం ఏమీ అనలేదు. ఇంకోసారి అడగమని నేను పోరుతూనే ఉన్నాను. గుర్తుచెయ్యడానికి పది రోజులైనా గడువివ్వాలని ఆయన లెక్క. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"పోనీ జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు అడగండి. అవి ఆయన చేతిలోవే."

ఆయన ముఖం ముడుచుకుపోయింది. "అల్లుడి జీతం చూపించమని ఎలా అడగనమ్మాయ్? పెళ్లప్పుడే అడగలేదు."

అయినా అడిగారు, నాలుగు వాక్యాల క్షమాపణ ముందు పెట్టి. జీతం చీటీలు రాలేదు, స్టేట్‌మెంటు వచ్చింది. చూస్తే చివరి అయిదు నెలలూ లేవు. అంతకు ముందువి ఆరు నెలలున్నాయి. వీసావాళ్లకి కావలసింది చివరి ఆరు నెలలవి, నిన్నటిదాకా ఉండాలి. ఆ మాట చెప్తే, "పొరపాటున పాతవి పెట్టుంటాడు. ఇప్పుడు తప్పు పట్టినట్టు ఎలా రాస్తాం?" అని నీళ్లు నమిలారు. నాకేదో తేడాగా అనిపించింది. అనిపించింది కానీ, నేనూ నోరు తెరవలేదు. ఆ పాపంలో నా వాటా నాకుంది.

అలా ఏడు వారాలు గడిచాయి. పెట్టెలో పనికొచ్చేవి నాలుగే కాగితాలున్నాయి. వీసా కేంద్రంలో అపాయింట్‌మెంటు ఒకటి తీసుకుని వదిలేశాం. పద్దెనిమిదో తేదీ మీద నేను ఆశ వదిలేసుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఫోన్ చేసి, ఆపరేషన్ నెల వెనక్కి జరిగింది, వచ్చే నెల ఇరవైన అని చెప్పింది. ఆసుపత్రివాళ్లే మార్చారంది.

ఆరోజు ఆయన మొహం చూడాలి. "చూశావా? మనకే మంచిదైంది. గడువు దొరికింది" అని స్టూలు మీద కూర్చుని నాకు టీ చెప్పించారు.

అక్క వచ్చింది నాలుగు రోజుల తర్వాత. ఆవిడ నలభై ఏళ్లుగా ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. భర్త ఆఫీసు గడప ఎప్పుడూ తొక్కలేదు, నా షాపుకీ అదే రావడం. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీసి పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేనట్టుంది. చేతిలో నాలుగు మడతల కాగితం. ఆయన ఈ చొక్కాలోంచి ఆ చొక్కాలోకి మార్చుకుంటూ, ఆరోజు మర్చిపోయారట, ఉతుకుదామని జేబు తడిమితే దొరికిందట. మడతల దగ్గర చిరిగి, చెమటకి తడిసి ఆరి, ముప్పుతిప్పలు పడినట్టుంది.

"ఇది నువ్విచ్చిందేనా?"

"నేనే ఇచ్చానక్కా. రెండు నెలలు కావొస్తోంది."

"అన్నీ ఇందులో రాసున్నాయి కదా. మరి ఆయనేంటి, ఒక్కోటి అడుగుతున్నారు?"

"భయపెట్టకూడదని" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆమె స్టూలు మీద కూర్చుంది. "మెడ కొలత ఇవాళ, చెయ్యి కొలత వచ్చే వారం తీసుకుంటే బట్ట ఎప్పుడు కోస్తాం?" అని కాగితం మళ్లీ విప్పింది. "పిలిచేవాళ్లు అని రాశావు. ఎవరు పిలవాలి?"

"ఎవరైనా పిలవొచ్చు. అమ్మాయి పిలిస్తే ఇంకా మంచిది, సొంత కూతురు కాబట్టి. తనకి ఉద్యోగం ఉందా?"

"తొమ్మిదేళ్ల నుంచి లాబొరేటరీలో చేస్తోంది. ఇప్పుడు జీతంతో సెలవు మీద ఉంది."

నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. ఆయన అల్లుడుగారు, అల్లుడుగారు అంటుంటే, అమ్మాయికి ఉద్యోగం లేదేమో అనుకున్నాను. అడిగితే నా సొమ్మేం పోయేది? ఆయనకైతే ఆ ఆలోచనే రాలేదు. ఇంటికి పెద్దని వదిలి ఆడపిల్లని అడగడం పద్ధతి కాదని ఆయన ఉద్దేశం. ఆ పద్ధతి ఆయన కౌంటర్లో ఏ రూల్సులోనూ లేదు మరి.

అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టింది. ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. క్షేమసమాచారం లేదు, మన్నింపు లేదు.

"అమ్మా, వీసాకి నీ కాగితాలు కావాలి. మీ ఆయనవి కాదు, నీవి. ఇవీ:
ఒకటి, ఆహ్వాన లేఖ. మా ఇద్దరి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, మేం నీకు ఏమవుతామో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటామో, ఎక్కడ ఉంటామో, ఖర్చులెవరివో రాసి సంతకం పెట్టు.
రెండు, నీ పాస్‌పోర్టు నకలు, ఫోటో ఉన్న పేజీ.
మూడు, అక్కడ ఉండే అనుమతి కార్డు, రెండు వైపులా.
నాలుగు, నీ ఆఫీసు ఉత్తరం. ఎప్పటినుంచి చేస్తున్నావో, జీతమెంతో ఉండాలి. ఈ నెల తేదీ వెయ్యాలి.
అయిదు, చివరి మూడు నెలల జీతం చీటీలు.
ఆరు, నీ బ్యాంకు స్టేట్‌మెంటు, చివరి ఆరు నెలలది, ఈ వారం దాకా.
ఏడు, పోయినేడాది పన్ను కట్టిన కాగితం.
ఎనిమిది, ఇంటి అద్దె ఒప్పందం, ఒక కరెంటు బిల్లు.
తొమ్మిది, మీ పెళ్లి సర్టిఫికెట్. నీ పుట్టిన సర్టిఫికెట్ ఇక్కడే ఉంది, అది మేం పెడతాం.
పది, ఆసుపత్రి ఉత్తరం, ఆపరేషన్ తేదీతో.
వీటిలో ఏదైనా లేకపోతే లేదని ఇవాళే చెప్పు. వేరే దారి చూద్దాం. అమ్మ."

"ఆ చివరి మాట ఎందుకక్కా?" అన్నాను.

"లేనివాళ్లకి లేదని చెప్పే వీలుండాలి కదా" అంది, ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎనిమిది కాగితాలు వచ్చాయి, ఒకటి, రెండు అని నంబర్లు వేసి. ఆఫీసు ఉత్తరం, ఆసుపత్రి ఉత్తరం రెండు రోజుల్లో వచ్చాయి. మొదటి ఎనిమిదింటితో పాటు ఒక వాయిస్ మెసేజ్ కూడా. అన్నీ వచ్చాక అక్క దాన్ని నా షాపులోనే, ఆయన ముందే పెట్టింది.

"అమ్మా, ఇంకో సంగతి. ఆయనకి ఉద్యోగం లేదు. వాళ్ల విభాగం మొత్తం మూసేశారు, అయిదు నెలలవుతోంది. గోదాములో రోజువారీ పనికి వెళ్తున్నారు, దానికి జీతం చీటీ ఉండదు. మీకు చెప్పొద్దన్నారు. నాన్నకి కాగితాలు పంపారా అని నేనడిగితే, అన్నీ ఇచ్చేశానన్నారు. నిన్న నీ మెసేజ్ చూపిస్తే అప్పుడు చెప్పారు, నాన్న ఒక్కోటి అడుగుతుంటే ఒక్కోటి ఇస్తూ నెట్టుకొచ్చానని."

మెసేజ్ అయిపోయింది. ఇంత మర్యాదస్తులైన మామా అల్లుళ్లని నేనెక్కడా చూడలేదు. ఒకరికి అన్నీ అడగడానికి మొహమాటం, ఒకరికి లేదనడానికి మొహమాటం. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎంత గౌరవమంటే, మధ్యలో ఆ పిల్ల కాలు ఈడ్చుకుంటూ రెండు నెలలు తిరిగింది.

ఆయన అచ్చు తీసిన కాగితాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారు. చివరిది ఆసుపత్రి ఉత్తరం. అది చదివేటప్పుడు వేలు ఒకచోట ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. నేను వంగి చూశాను. ఆపరేషన్ మొదట పద్దెనిమిదో తేదీకి నిర్ణయించామని, తర్వాత ఇంట్లో చూసుకునే మనిషి లేనందున రోగి కోరిక మీద వాయిదా వేశామని, అప్పటిదాకా నొప్పికి మందుల మోతాదు పెంచామని రాసుంది.

"ఆసుపత్రివాళ్లే మార్చారంది కదూ" అన్నారాయన. "నేను నీకు టీ కూడా చెప్పించాను."

నేను కాగితాలు నంబర్ల వరసలో సర్ది ఫైల్లో పెట్టాను.

వీసా కేంద్రంలో మాకు నాలుగో రోజుకి అపాయింట్‌మెంటు దొరికింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి ఒక జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కో కాగితానికీ టిక్కు పెట్టుకుంటూ, పన్నెండు నిమిషాల్లో ఫైలు తీసుకుంది. ఇద్దరి వేలిముద్రలూ తీసుకుంది. ఆయన బయటికొచ్చాక ఆ అమ్మాయిని మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన మెచ్చుకోలేదు, నేరుగా బస్సు స్టాపుకి నడిచారు. పందొమ్మిది రోజులకి పాస్‌పోర్టులు తిరిగొచ్చాయి, రెండింటిలోనూ వీసా ఉంది. ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు వెళ్లగలిగారు.

వెళ్లిన మర్నాడు ఆయన నాకు ఫోన్ చేశారు. క్షేమంగా చేరామని, ప్రయాణంలో అక్కకి కాళ్లు వాచాయని, పిల్లాడు తనని చూసి ఏడవలేదని చెప్పారు. అల్లుడు విమానాశ్రయానికి వచ్చాడట. కారులో సగం దూరం ఎవరూ మాట్లాడలేదట. తర్వాత ఆయనే, "బాబూ, గోదాములో పని బరువా?" అని అడిగారట. "బరువే మామయ్యగారూ" అన్నాడట అల్లుడు. ఆ తర్వాత ఇల్లొచ్చేదాకా అతను మాట్లాడుతూనే ఉన్నాడట.

"మంచిదైంది కదా సార్" అన్నాను.

"ఊఁ." అన్నారాయన. "ఇల్లు రాగానే మీ అక్కకి కాళ్లు పట్టేశాయి, కార్లోంచి దిగడానికి టైం పట్టింది. అతను ఆవిణ్ణి చూసుకుంటూ, నన్ను వెళ్లి బెల్లు కొట్టమన్నాడు. కొట్టాను. లోపల్నుంచి, నేనే తీస్తా ఉండండి నాన్నా, అంది."

"ఊఁ."

"తలుపు పక్కనే మంచం వేశారు దానికి. పది అడుగులుంటుందేమో. మంచం కిర్రుమంది. ఒక అడుగు వినపడింది. ఆగింది. గోడ పట్టుకుందనుకుంటా, చెయ్యి రాసుకున్న చప్పుడు. మళ్లీ ఒకటి. నేను బయట్నుంచి, వద్దమ్మా, పడుకో, అతను వచ్చి తీస్తాడు అన్నాను. వస్తున్నా నాన్నా, వస్తున్నా అంటుంది. మళ్లీ ఆగింది. నాకు లోపలికి వెళ్లడానికి లేదు, అక్కడ నిలబడ్డమే."

 ఆయన చెప్పుకుపోతున్నారు.

"పద్దెనిమిదో తేదీకి అయిపోయుంటే ఈపాటికి అది మామూలుగా నడుస్తుండేదని డాక్టరు చెప్పాడట. నేనేం పట్టి పీడించలేదమ్మాయ్ ఎవర్నీ. మర్యాదగానే అడిగాను. నా పిల్ల నడిచి తలుపు తియ్యడానికి నాలుగు నిమిషాలు పట్టింది. నేను వాచీ చూశాను."

తర్వాత పిల్లాడు ఫోన్ లాక్కున్నట్టున్నాడు. వాడు ఊఁ ఊఁ అంటుంటే, వెనక నుంచి అక్క గొంతు, అన్నం చల్లారిపోతోంది రమ్మని పిలుస్తోంది.